రూపాయి వడ్డీ, పన్నెండు చింతపిక్కలు

నేను చెప్పిన మొదటి వడ్డీ పాఠం ఒక ఫ్రిజ్ దగ్గర బోల్తా పడింది.

ప్రకాశం జిల్లాలో ఒక మండల సమాఖ్య హాలు. డ్వాక్రా సంఘాల లీడర్లు నలభై మంది వచ్చారు. నా దగ్గర అరవై స్లైడ్లున్నాయి. ఫ్లాట్ వడ్డీ అంటే ఏమిటి, తగ్గే అసలు మీద వడ్డీ అంటే ఏమిటి, ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతాన్ని చెప్పే ఏ.పీ.ఆర్. అంటే ఏమిటి, అన్నీ రంగుల్లో చూపించాను. మధ్యమధ్యలో "అర్థమైందా అమ్మా?" అని అడిగాను. "అయింది మేడం" అన్నారు. సాయంత్రం పెట్టిన పరీక్షలో మార్కులు కూడా బాగానే వచ్చాయి. వారం తిరక్కుండానే వాళ్ళలో బాగా చురుకైన అమ్మాయి ఒకటి ఫోన్ చేసి, "మేడం, ఫ్రిజ్ కొన్నాను, రూపాయి వడ్డీకే ఇచ్చారు" అని సంబరంగా చెప్పింది. కాగితం ఫొటో పంపమన్నాను. అచ్చం నేను పదిహేడో స్లైడులో చూపించిన ఫ్లాట్ వడ్డీయే: అసలు తీరుతున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ.

పరీక్షలో ఆ ప్రశ్నకు సరైన జవాబు రాసింది కూడా ఆ అమ్మాయే.

పెద్దవాళ్ళకు నేర్పడం గురించి నేను చదివిందంతా మళ్ళీ తిరగేసింది ఆ తర్వాతే. దీనికి ఆండ్రగాజీ అని ఒక పేరుంది. 1833లో అలెగ్జాండర్ కాప్ అనే జర్మన్ పంతులు ఆ మాట వాడాడు. ఆ తర్వాత అది చాలా ఏళ్ళు మూలనపడింది. 1960లలో యుగోస్లావియా నుంచి వచ్చిన ఒక వయోజన విద్యా నిపుణుడి నోట అమెరికాలో మాల్కమ్ నోల్స్ ఆ మాట విన్నాడు. ఇక దాన్ని వదల్లేదు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదీ: పెద్దవాళ్ళు ఒక విషయం ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తే తప్ప మనసు పెట్టరు. తమ నిర్ణయాలు తామే తీసుకునేవాళ్ళమని అనుకుంటారు. అనుభవాన్ని మోసుకొస్తారు. రేపటి అవసరానికి ఇవాళ పనికొచ్చేదే కావాలంటారు. 1970లో వచ్చిన ఆయన పుస్తకం ఉపశీర్షికలో ఆండ్రగాజీకీ పిల్లల చదువుకూ మధ్య పోటీ పెట్టాడు. బడి పంతుళ్ళు "ఇవే పద్ధతులు మా పిల్లల దగ్గరా పనిచేస్తున్నాయి" అని చెప్పడంతో, 1980 ముద్రణలో ఆ పోటీ తీసేసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి సాగే దారిలా మార్చాడు. తన పుస్తకం ఉపశీర్షికనే సవరించుకున్న మనిషి మీద నాకు గౌరవం ఉంది. నా గొడవల్లా ఆయన పేరు చెప్పి మన ట్రైనింగుల్లో జరిగే తంతుతోనే.

ఆ తంతు మీకూ తెలిసే ఉంటుంది. పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి పేరూ ఇష్టమైన పువ్వూ చెబుతారు. తర్వాత చార్టు పేపరు పంచి, "మీ అనుభవాలు పంచుకోండి" అంటారు. స్కెచ్ పెన్నులతో ఏదో రాస్తారు, గోడకు అతికిస్తారు, చప్పట్లు కొడతారు. ఆ పైన ట్రైనరు తన స్లైడ్లు తను మొదలుపెడతాడు. చార్టులో ఉన్నదానికీ స్లైడులో ఉన్నదానికీ సంబంధమే ఉండదు. దీన్ని అనుభవాన్ని గౌరవించడం అంటున్నారు. నా లెక్కలో ఇది అనుభవాన్ని గోడకెక్కించి పక్కకు తప్పుకోవడం.

ఎందుకంటే అనుభవం ఎప్పుడూ మన పక్షాన ఉండదు. నోల్స్ కూడా ఈ మాట అన్నాడు: అది వనరే, కానీ పాత అలవాట్లతో మనసును బిగించేసేదీ అదే. ఈ రెండో సగాన్ని మన ట్రైనింగుల్లో ఎవరూ పట్టించుకోరు. ఫ్రిజ్ కొన్న అమ్మాయిని ముంచింది తెలియకపోవడం కాదు, తెలిసుండటం. వడ్డీ అంటే ఏమిటో ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆ తెలిసినదే ఆమె కళ్ళకు అడ్డం పడింది.

ఎలాగో చెబుతాను. పల్లెలో "రూపాయి వడ్డీ" అంటే వందకు నెలకు రూపాయి. ప్రోనోటు రాసి పన్నెండు వేలు తెచ్చుకుంటే, పంట చేతికొచ్చేదాకా ఆ పన్నెండు వేలూ మన దగ్గరే ఉంటాయి. నెలకు నూట ఇరవై చొప్పున ఏడాదికి 1,440 వడ్డీ. చివర్లో అసలు ఒక్కసారిగా కట్టేస్తాం. ఇందులో మోసమేమీ లేదు, ధర్మవడ్డీయే. అదే పన్నెండు వేలకు షోరూములో ఫోను తీసుకుంటే అక్కడి కుర్రాడు కూడా "రూపాయి వడ్డీయే అక్కా, ఏడాదికి 1,440" అంటాడు. అంకె ఒకటే, మాట ఒకటే. కానీ ఇక్కడ నెలనెలా వెయ్యి చొప్పున అసలు కూడా తీరిపోతూ ఉంటుంది. మన చేతిలో లేని డబ్బుకు కూడా వడ్డీ కడుతూ పోతాం. తెలిసిన మాట వినపడగానే మెదడు లెక్క చేయడం ఆపేస్తుంది. నా పదిహేడో స్లైడు ఆ పాత మాటను తాకను కూడా లేదు. దాని పక్కన ఇంకో గదిలో ఫ్లాట్ వడ్డీ అనే కొత్త మాటను పెట్టి వచ్చింది, అంతే. పరీక్ష రోజు ఆ గది తలుపు తీసింది. షోరూములో పాత గదికే వెళ్ళింది.

అందుకని రెండోసారి వర్క్‌షాపును వెనక నుంచి కట్టుకుంటూ వచ్చాను. సాయంత్రానికి ఈ హాల్లోంచి బయటకు వెళ్ళే మనిషి ఏం చేయగలగాలి? షోరూమువాళ్ళు ఇచ్చిన కాగితం చూసి, నిజంగా నూటికి ఎంత పడుతోందో తనంతట తాను తేల్చుకోగలగాలి. అంతే. పై నుంచి వచ్చిన షెడ్యూలులో ఆ ఒక్క రోజుకే వడ్డీ, బీమా, పింఛను, ఫోనులో చెల్లింపులు, వీలునామా, ఇంకో నాలుగు అంశాలు ఉన్నాయి. అన్నీ కొట్టేస్తానంటే అధికారికి టెన్షన్ వచ్చింది. రిపోర్టులో తొమ్మిది గడులు నింపాలి కదా. చివరికి బీమా ఉంచుకుని తక్కినవి ఇంకో రోజుకు జరిపాం. తొమ్మిది అంశాలు చెప్పిన రోజు ఒక్కటీ ఇంటిదాకా వెళ్ళదు. ఈ మాట అధికారులకు చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది కానీ, మళ్ళీ చెబుతున్నాను.

టైము కూడా వాళ్ళ రోజును బట్టే పెట్టుకోవాలి. పాలు పోసి, పిల్లలను బడికి పంపి, బస్సు పట్టుకుని వచ్చేసరికి పదిన్నర. తిరుగు బస్సు నాలుగింటికి. భోజనానికి ముప్పావు గంట తీసేస్తే చేతిలో మిగిలేది నాలుగుముప్పావు గంటలు. భోజనం తర్వాతి గంటలో ఉపన్యాసం పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ గంటలో చేతులతో చేసే పనే పెట్టాలి.

ఇక వచ్చినవాళ్ళు ఎందుకు వచ్చారన్నది. 1961లో సిరిల్ హూల్ అనే అమెరికన్ ఆచార్యుడు, మానకుండా ఏదో ఒకటి నేర్చుకుంటూ ఉండే 22 మంది పెద్దవాళ్ళతో మాట్లాడి, వాళ్ళలో మూడు రకాలు చూశాడు. ఒక పని సాధించుకోవడానికి వచ్చేవాళ్ళు, నలుగురితో కలవడానికి వచ్చేవాళ్ళు, నేర్చుకోవడమే ఇష్టమై వచ్చేవాళ్ళు. మా హాల్లో ఈ ముగ్గురూ ఉన్నారు. వీళ్ళకంటే ఎక్కువగా నాలుగో రకం ఉన్నారు: "సంఘానికి ఒకరు రావాలన్నారు మేడం, ఈసారి నా వంతు." సంతకం పెట్టాలి, భోజనం చేయాలి, బస్సు ఛార్జీలు తీసుకోవాలి. హూల్ మాట్లాడింది ఇష్టపడి వచ్చినవాళ్ళతో కాబట్టి ఈ రకం ఆయనకు తగల్లేదు. మన దేశంలో ట్రైనర్లకు తగిలేది ముఖ్యంగా వీళ్ళే. పెద్దవాళ్ళకు లోపలి నుంచే ఆసక్తి ఉంటుందని నమ్మి హాల్లోకి వెళితే పదకొండింటికే నీరుగారిపోతాం. ఆసక్తి ఉండి వస్తారని కాదు, అరగంటలో పుట్టించాలని లెక్క వేసుకోవాలి.

అది పుట్టేది "ఇది మీకు చాలా ముఖ్యం" అంటే కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు, అక్షరాల పాఠంలో తాగుడు ప్రస్తావన రాగానే అక్షరాలు పక్కన పెట్టి తమ ఇళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలు సారా దుకాణం మూయించేదాకా వెళ్ళాయి. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠాన్ని కదిలించింది అక్షరం కాదు, వాళ్ళ ఇంట్లో అప్పటికే రగులుతున్న సంగతి. మా హాల్లో అలాంటి సంగతి ఏది? దసరా ముందు షోరూములవాళ్ళు పంచిన కాగితం.

రెండోసారి ఇరవై ఆరు మంది వచ్చారు. పువ్వుల పేర్లు అడగలేదు. దుకాణం పేరు కొట్టేసిన ఆ కాగితమే అందరి చేతిలో పెట్టాను. ఫోను ధర పన్నెండు వేలు, ముందు ఏమీ కట్టక్కర్లేదు, నెలకు 1,120 చొప్పున పన్నెండు నెలలు. "ఇది నిజంగా రూపాయి వడ్డీయేనా, ఎక్కువా?" అని అడిగి, తెర వెనక రెండు గ్లాసులు పెట్టాను. ఒక్కొక్కరూ వెళ్ళి తమకు తోచిన గ్లాసులో ఒక చింతపిక్క వేసి రావాలి. చదువురానివాళ్ళకూ వీలే, ఎవరేం వేశారో ఎవరికీ తెలియదు. రూపాయి గ్లాసులో 23 పిక్కలు పడ్డాయి, రెండో దాంట్లో మూడు. ఈ పిక్కలు వేయించకపోతే ఏమవుతుందో అనుభవం మీద చెబుతున్నాను: లెక్క తేలాక అందరూ "నేను ముందే అనుకున్నాను" అంటారు. అన్నాక ఇక నేర్చుకునేదేం ఉండదు. తన అంచనా తప్పిందని తనకు తెలియాలి, పక్కవాళ్ళకు తెలియకూడదు.

తర్వాత ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాను. ఒకరు షోరూము, ఒకరు కొనేమనిషి. కొనేమనిషి చేతిలో పన్నెండు పిక్కలు, ఒక్కోటి వెయ్యి. నెలకో పిక్క తిరిగి ఇవ్వాలి, దాంతోపాటు వడ్డీ కింద నూట ఇరవై రూపాయల చీటీ. ఒక్కటే షరతు: ఇచ్చే ముందు, "ఇప్పుడు నా చేతిలో ఇంత ఉంది, దీనికి నూట ఇరవై కడుతున్నాను" అని పైకి చెప్పాలి.

మొదటి మూడు నాలుగు నెలలు నవ్వుకుంటూ గడిచిపోయాయి. ఏడో నెలకు చేతిలో ఆరు పిక్కలు. "ఆరు వేలకు నూట ఇరవై" అని ఒకామె అని ఆగింది. "అంటే రెండు రూపాయల వడ్డీ కదా?" నేనేం మాట్లాడలేదు. తొమ్మిదో నెలలో నాలుగు పిక్కలు, నూటికి మూడు. పదో నెలలో నాలుగు రూపాయలు. పదకొండో నెలలో ఆరు. హాల్లో గోల మొదలైంది. ఆఖరి నెలలో ఒక పెద్దమ్మ చేతిలో ఒక్క పిక్క మిగిలింది. దాన్ని పైకెత్తి పట్టుకుని, "వెయ్యికి నూట ఇరవయ్యా! నూటికి పన్నెండు! మా ఊళ్ళో కాల్ మనీ వాడికి కూడా ఇంత నోరు లేదు" అంది.

ఈ సమయంలో ట్రైనరు నోరు విప్పకుండా ఉండటమే కష్టం. నాకూ నాలుక చివరిదాకా వచ్చింది, "దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు" అని. ఆపుకుని, "మరి పొద్దున రూపాయి అని ఎందుకు అనుకున్నాం?" అని మాత్రం అడిగాను. జవాబు పెద్దమ్మే చెప్పింది. "ప్రోనోటులో అసలు కదలదమ్మాయ్. వడ్డీ కాసులవాడి లెక్కా అదేగా. కుబేరుడి అసలు అట్టాగే ఉంది, ఏటా వడ్డీ కడుతున్నాడు. ఇక్కడ అసలు కరిగిపోతంటే వడ్డీ మాత్రం అట్టాగే ఉందే!" అరవై స్లైడ్లలో నేను చెప్పలేకపోయింది అది.

అసలైన తమాషా ఆ తర్వాత జరిగింది. "మీ సంఘం పుస్తకంలో అంతర్గత అప్పుకు వడ్డీ ఎలా రాస్తారు?" అని అడిగాను. లెక్కలు రాసే అమ్మాయి, "మిగిలిన బాకీ మీదే రాస్తాం మేడం" అని చెప్పి, తనే నాలుక కరుచుకుంది. సరైన పద్ధతి ప్రతి నెలా వాళ్ళ చేతిమీదుగానే నడుస్తోంది! తప్పూ వాళ్ళ అనుభవంలోనే ఉంది, దిద్దుబాటూ అందులోనే ఉంది. ఆ రెండూ ఒకచోట ఎప్పుడూ ఎదురుపడలేదు, అంతే. రెండో ఆట సంఘం పద్ధతిలో ఆడించాను. మొదటి నెల 120, తర్వాత 110, 100, అలా దిగుతూ చివరి నెల పది రూపాయలు. మొత్తం 780. షోరూములో 1,440. ఒక్క ఫోను మీద తేడా 660.

"మరి షోరూము వడ్డీ సగటున నూటికి ఎంత పడ్డట్టు?" అంటే, వాళ్ళ దారిలోనే లెక్క కట్టాం. పన్నెండు నెలల్లో చేతిలో ఉన్న పిక్కలన్నీ కలిపితే 78. అంటే ఒక్క నెలకు 78 వేలు వాడుకున్నట్టు. దానికి 1,440 కట్టాం, వందకు దాదాపు రూపాయి ఎనభై అయిదు పైసలు. బ్యాంకువాళ్ళు వాయిదాను వేరే పద్ధతిలో లెక్కగడతారు కాబట్టి వాళ్ళకు కాస్త తగ్గి, ఏడాదికి ఇరవై ఒకటిన్నర శాతం వస్తుంది. 2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్ అప్పులకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం. అందులో ఏ.పీ.ఆర్. అనే వరుస ఉంటుంది. ఆ వరుస చూపించి, అంకెను పన్నెండుతో భాగించమన్నాను. రూపాయి ఎనభై వచ్చింది. మొదటి వర్క్‌షాపులో పొద్దున పదకొండింటికి చెప్పిన ఆ మూడక్షరాలను ఈసారి మధ్యాహ్నం రెండింటికి చెప్పాను. అప్పటికి ఆ మాట పెట్టుకోవడానికి వాళ్ళ దగ్గర చోటు తయారైంది.

అన్నీ బాగా జరిగాయనుకోకండి. మధ్యాహ్నం "మీ మీ అప్పు కాగితాలు తీయండి" అన్నాను. ముందే తెచ్చుకోమని చెప్పాను కూడా. హాలు చల్లబడిపోయింది. సంచుల్లో కాగితాలున్నాయి, ఎవరూ తీయరు. ఒకే ఊరివాళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి అప్పులు బయటపెట్టమన్నానని అప్పుడు వెలిగింది. అనుభవం అంటే పరువు కూడా. చివరికి నా బండి లోను కాగితం ఫోనులోంచి తీసి చూపించాను. వాళ్ళే లెక్క కట్టి, "మీరూ మోసపోయారు మేడం" అని పడిపడి నవ్వారు. ఆ తర్వాత ఎనిమిది కాగితాలు బయటకొచ్చాయి. ఇప్పుడు వేర్వేరు ఊళ్ళవాళ్ళను జతలు కలుపుతున్నాను, ముందు నా కాగితమే తీస్తున్నాను.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. కుట్టుపని చేసే ఒకామె లేచి, "అంతా సరే మేడం. నాకు మిషను మీద మోటారు పండగలోపే కావాలి. సంఘంలో అప్పు నా వంతు రావడానికి నాలుగు నెలలు. బయట రెండు రూపాయల వడ్డీ. మరి షోరూములో తీసుకుంటే తప్పేంటి?" అంది. నా ప్లానులో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆలోచిస్తే తప్పేం లేదు. బయట రెండు రూపాయలకంటే ఇది తక్కువే, పండగ కుట్టుతో ఆ అదనపు వడ్డీ వెనక్కి వస్తుంది. అదే చెప్పాను. హాల్లో వెనక కూర్చున్న అధికారి ముఖం మాడిపోయింది, "షోరూము అప్పు తీసుకోకండి" అనే మాట నా నోట రావాలని ఆయన ఆశ. పెద్దవాళ్ళు తమ నిర్ణయాలు తామే తీసుకుంటారని పొద్దున సిద్ధాంతం చెప్పి, సాయంత్రం మనకు నచ్చిన నిర్ణయమే తీసుకోవాలంటే ఎలా? ఆమెకు ఆ మోటారు ధర ఇప్పుడు తెలుసు. నా పని అంతవరకే.

"అర్థమైందా" అని అడగడం మానేశాను. దానికి బదులు వెళ్ళేముందు ఒక్కొక్కరిని, "ఇంటికెళ్ళి మీ తోటికోడలికి ఎలా చెబుతారో నాకు చెప్పండి" అంటున్నాను. ఏడో నెల దగ్గర ఎవరు తడబడతారో అక్కడ తెలిసిపోతుంది. ఇరవై ఆరు మందిలో ఆ రోజు తొమ్మిది మంది తడబడ్డారు. వాళ్ళతో బస్సు వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని మళ్ళీ ఆడాం.

నెలన్నర తర్వాత ఆ తొమ్మిది మందిలో ఒకామె ఫోన్ చేసింది. వెనకాల ఆడవాళ్ళ గోల వినపడుతోంది. "మేడం, మా సంఘంలో ఆట ఆడిస్తున్నాను. చింతపిక్కలు దొరక్క వేయించిన శనగలు పెట్టాను. మధ్యలో పిల్లలొచ్చి షోరూము వైపున్నవన్నీ తినేశారు. ఎన్నో నెలలో ఉన్నామో లెక్క పోయింది."

"కొనేమనిషి చేతిలో ఎన్ని మిగిలాయి?"

"నాలుగు."

"అయితే..." అని నేను మొదలుపెట్టేలోపే, "ఆఁ, నూటికి మూడు. తొమ్మిదో నెల" అని ఫోను పెట్టేసింది.